సియాటిల్ కంపెనీకి హైదరాబాద్ నుంచి ఇంటర్వ్యూ టైమింగ్స్ పంపడం ఎలా: గంట తేడా కూడా రాకుండా స్లాట్లు రాసే పద్ధతి

"వచ్చే వారం మీకు వీలైన టైమింగ్స్ రెండు మూడు పంపండి" అని అమెరికా రిక్రూటర్ నుంచి మెయిల్ వస్తే ఏం రాయాలని అడిగేవాళ్లు ఈమధ్య బాగా ఎక్కువయ్యారు. చాలామంది పంపే జవాబులు రెండే రకాలు. ఒకటి "ఎప్పుడైనా నాకు ఓకే". రెండోది "బుధవారం 9 గంటలకు". మొదటిది పంపితే పని మళ్లీ రిక్రూటర్ నెత్తినే పడుతుంది. రెండోదాంట్లో ఏ ఊరి బుధవారమో, ఏ ఊరి తొమ్మిదో, పొద్దున్నో రాత్రో ఏదీ తెలియదు.

ఇక్కడ ఒకే ఉదాహరణ తీసుకుని మొదటి నుంచి చివరిదాకా చేసి చూపిస్తాను. మీరు హైదరాబాద్‌లో ఉన్నారు, కంపెనీ సియాటిల్‌లో ఉంది. మెయిల్ వచ్చింది 2026 అక్టోబరు 27, మంగళవారం. గంటసేపు వీడియో ఇంటర్వ్యూ. అది నవంబరు 2న మొదలయ్యే వారంలో జరగాలి. ఈ తేదీలు కావాలనే తీసుకున్నాను. మధ్యలో నవంబరు 1 ఉంది, లెక్క తప్పేది అక్కడే.

## 1. అవతలి మనిషి ఏ ఊళ్లో ఉన్నారో తేల్చుకోండి

"కంపెనీ అమెరికాలో ఉంది" అంటే చాలదు. అలాస్కా, హవాయి పక్కన పెట్టినా అమెరికాలో నాలుగు టైమ్ జోన్లున్నాయి. హెడ్డాఫీసు సియాటిల్‌లో ఉన్నా, మీకు మెయిల్ రాసిన రిక్రూటర్ ఆస్టిన్‌లో ఇంటి నుంచి పనిచేస్తూ ఉండొచ్చు. ఇంటర్వ్యూ చేసే మేనేజర్ లండన్‌లో ఉండొచ్చు. మీకు కావాల్సింది ఇంటర్వ్యూ చేసే మనిషి ఉండే ఊరు.

మెయిల్ చివర సంతకంలో ఊరి పేరు ఉందేమో చూడండి. లేకపోతే లింక్డ్‌ఇన్ ప్రొఫైల్ చూడండి. అప్పటికీ తెలియకపోతే అడగండి, కానీ అది ఒక్కటే అడగడానికి విడిగా మెయిల్ పెట్టకండి. మీరు పడుకునే వేళకు వాళ్లు లేస్తారు కాబట్టి ఒక్కో ప్రశ్నకూ జవాబుకూ ఒక రోజు పోతుంది. స్లాట్లు పంపే మెయిల్‌లోనే "ఇంటర్వ్యూ చేసేవారు సియాటిల్‌లో ఉన్నారనుకుని రాశాను, వేరే ఊరైతే చెప్పండి, మార్చి పంపుతాను" అని ఒక వాక్యం చేర్చండి.

## 2. ఇవాళ్టి తేడా కాదు, ఇంటర్వ్యూ రోజుకు ఉండే తేడా చూడండి

మన గడియారం ఏడాది పొడవునా, ప్రపంచమంతా కొలతగా వాడే యూటీసీ టైమ్ కంటే ఐదున్నర గంటలు ముందే ఉంటుంది, మారదు. సియాటిల్ గడియారం అలా కాదు. మార్చి రెండో ఆదివారం గంట ముందుకు జరుగుతుంది, నవంబరు మొదటి ఆదివారం గంట వెనక్కి వస్తుంది. 2026లో ఆ ఆదివారాలు మార్చి 8, నవంబరు 1.

అంటే మార్చి నుంచి నవంబరు మొదలు వరకూ మనం సియాటిల్ కంటే 12 గంటల 30 నిమిషాలు ముందుంటాం. మిగతా కాలం 13 గంటల 30 నిమిషాలు.

మన ఉదాహరణలో మెయిల్ రాస్తున్న అక్టోబరు 27న తేడా పన్నెండున్నర. ఇంటర్వ్యూ జరిగే నవంబరు 3కి అది పదమూడున్నర అయిపోతుంది. ఫోన్‌లో ప్రపంచ గడియారం తెరిచి, "సియాటిల్‌లో ఇప్పుడెంతయింది" అని చూసి లెక్కగట్టారా, ఆ వారం స్లాట్లన్నీ గంట తప్పుతాయి.

ఈ దెబ్బ నేనూ తిన్నాను. ఫిబ్రవరి చివర్లో స్లాట్ పంపాను, ఇంటర్వ్యూ మార్చి మూడో వారంలో. సియాటిల్ ఉదయం 8:30 అంటే మనకు రాత్రి పది అని లెక్కేసుకుని అదే రాశాను. ఈలోగా అక్కడ గడియారం ముందుకు జరిగింది, నిజానికి అది మనకు రాత్రి తొమ్మిది. వాళ్లు తమ టైమ్ ప్రకారం ఇన్వైట్ పంపారు. నేను దాన్ని తెరిచి చూడకుండానే యాక్సెప్ట్ నొక్కాను. పదింటికి చొక్కా ఇస్త్రీ చేసుకుని కూర్చుంటే తెర మీద ఎవరూ లేరు. ఆయన పావుగంట చూసి వెళ్లిపోయారట.

గుర్తుపెట్టుకోండి, రెండు నెలల్లో తప్పు ఒకేలా ఉండదు. నవంబరులో పాత తేడా వాడితే గంట ముందు వచ్చి కూర్చుంటారు, నిద్ర తప్ప ఏమీ పోదు. మార్చిలో పాత తేడా వాడితే గంట ఆలస్యంగా వస్తారు. అందుకే మార్చి స్లాట్లను రెండుసార్లు చూడాలి.

వేరే దేశాల సంగతి క్లుప్తంగా చెబుతాను. బ్రిటన్, జర్మనీల్లో మార్పు మార్చి చివరి ఆదివారం, అక్టోబరు చివరి ఆదివారం జరుగుతుంది. సిడ్నీలో ఏప్రిల్, అక్టోబరు మొదటి ఆదివారాల్లో. సింగపూర్, దుబాయ్‌లలో అసలు మారదు. అమెరికాలోనే అరిజోనాలో చాలా భాగం మార్చదు, కాబట్టి ఫీనిక్స్ కంపెనీకి ఈ లెక్క వర్తించదు.

సరిచూసుకునే పద్ధతులు రెండు చెబుతాను, ఏదైనా ఒకటి చాలు.

మొదటిది గూగుల్ క్యాలెండర్. కంప్యూటర్‌లో సెట్టింగ్స్ తెరిచి, టైమ్ జోన్ భాగంలో `Display secondary time zone` టిక్ చేసి, రెండో జోన్‌గా పసిఫిక్ టైమ్ ఎంచుకోండి. తర్వాత వారం వ్యూలో నవంబరు 3కి వెళ్లండి. ఎడమ పక్కన రెండు ఊళ్ల గంటలూ పక్కపక్కనే కనిపిస్తాయి, ఆ వారానికి వర్తించే తేడాతోనే.

రెండోది timeanddate.com. అందులో ఊరి పేర్లతో పాటు తేదీ కూడా ఇవ్వాలి. తేదీ అడగని కన్వర్టర్‌ను నమ్మకండి. "పీఎస్‌టీ టు ఐఎస్‌టీ" అని వెతికితే వచ్చే పేజీల్లో కొన్ని, వేసవిలో కూడా పదమూడున్నరే వేసి చూపిస్తాయి.

లినక్స్ వాడేవాళ్లకు ఒక్క లైను చాలు:

```
TZ=America/Los_Angeles date -d 'TZ="Asia/Kolkata" 2026-11-03 21:30'
```

దీనికి నవంబరు 3 ఉదయం 8:00 అని జవాబు రావాలి. సియాటిల్ పేరుతో విడిగా జోన్ ఉండదు, లాస్ ఏంజెలెస్ పేరుతోనే నడుస్తుంది.

## 3. ఇద్దరూ మేలుకుని ఉండే గంటలు ఏవి

నవంబరు మొదటి వారానికి లెక్క ఇలా వస్తుంది:

- సియాటిల్ ఉదయం 8:00 → హైదరాబాద్ అదే రోజు రాత్రి 9:30
- సియాటిల్ ఉదయం 9:30 → అదే రోజు రాత్రి 11:00
- సియాటిల్ మధ్యాహ్నం 2:00 → మర్నాడు తెల్లవారుజామున 3:30
- సియాటిల్ సాయంత్రం 4:30 → మర్నాడు ఉదయం 6:00

అంటే వాడుకోదగ్గ కిటికీలు రెండే: మన రాత్రి తొమ్మిదిన్నర నుంచి పదకొండున్నర వరకు, మన ఉదయం ఆరు నుంచి ఏడు వరకు. ఏడు దాటితే వాళ్లు ఇంటికెళ్లే వేళ అవుతుంది.

చాలామంది రాత్రి కిటికీ ఒక్కటే ఇస్తారు. నా సలహా, ఉదయంది కూడా ఒకటి ఇవ్వండి. రోజంతా ఆఫీసులో పనిచేసి రాత్రి పదకొండింటికి సిస్టమ్ డిజైన్ ప్రశ్నకు జవాబు చెప్పడం వేరు, నిద్రలేచి కాఫీ తాగి చెప్పడం వేరు. అయితే మీ ఇంటి పక్క గుడిలో ఐదున్నరకే మైకు పెడతారేమో ముందే చూసుకోండి. ఒక వారం ముందు అదే వేళకు అదే గదిలో ఫోన్‌లో రికార్డ్ చేసి వింటే తెలిసిపోతుంది.

మర్యాదకని తెల్లవారుజామున మూడున్నర స్లాట్ ఇవ్వకండి. ఇస్తే దాన్నే తీసుకుంటారు. అది వాళ్లకు మధ్యాహ్నం రెండు, హాయైన వేళ. మీకు అది ఏ వేళో వాళ్లు పెద్దగా ఆలోచించరు.

## 4. తారీఖు మారే చోట జాగ్రత్త

మనకు మాటల్లో ఒక అలవాటుంది. "గురువారం రాత్రి పన్నెండున్నరకు" అంటాం. క్యాలెండర్ ప్రకారం అప్పటికే శుక్రవారం వచ్చేసింది. పంచాంగంలో వారం సూర్యోదయంతో మారుతుంది కాబట్టి మన మాట మనకు సరైనదే. కానీ ఇన్వైట్ అర్ధరాత్రికే వారం మార్చేస్తుంది.

సియాటిల్ గురువారం, నవంబరు 5, ఉదయం 11:00 స్లాట్ తీసుకోండి. హైదరాబాద్‌లో అది శుక్రవారం, నవంబరు 6, 12:30 ఏఎం. దీన్ని "గురువారం 12:30 ఏఎం" అని రాశారంటే ఒక రోజు మొత్తం తప్పు రాసినట్టు. అంటే అది మీ లెక్కలో బుధవారం రాత్రి.

అందుకే నేను పాటించే నియమాలు మూడు:

- అర్ధరాత్రి 12 నుంచి 1 మధ్య మొదలయ్యే స్లాట్ అసలు ఇవ్వను.
- ప్రతి స్లాట్‌కూ రెండు ఊళ్ల వారం, తేదీ రెండూ రాస్తాను. రెండు చోట్లా ఒకే రోజైనా సరే.
- నెల పేరు అక్షరాల్లో రాస్తాను. మనం 3/11 అని రాస్తే నవంబరు 3 అనుకుంటాం. అమెరికాలో అది మార్చి 11.

ఇంటర్వ్యూకు ముందు రోజు అలారం పెట్టేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త కావాలి. గురువారం ఉదయం ఆరు గంటల ఇంటర్వ్యూకు సిద్ధం కావాల్సింది బుధవారం రాత్రి. సియాటిల్ తేదీ ఒక్కటే గుర్తుంటే "బుధవారం సాయంత్రం నాలుగున్నర" అని బుర్రలో ఉండిపోయి, ఒక పూట ముందే ఆఫీసులో సెలవు పెట్టి కూర్చుంటారు.

## 5. మూడు స్లాట్లు ఎంచుకోండి

రెండు ఇస్తే తక్కువ, ఆరు ఇస్తే ఎదుటివారు చదవరు. మూడు చాలు, కానీ ఆ మూడూ ఒకదానికొకటి నకళ్లలా ఉండకూడదు. మంగళ, బుధ, గురు మూడు రోజులూ సియాటిల్ ఉదయం 8:00 ఇచ్చారనుకోండి. ఆ మేనేజర్‌కు రోజూ ఎనిమిదింటికి టీమ్ మీటింగ్ ఉంటే మూడూ ఒక్కసారే పోతాయి.

మన ఉదాహరణలో నేను ఎంచుకునేవి ఇవి: మంగళవారం సియాటిల్ ఉదయం, బుధవారం సియాటిల్ సాయంత్రం, గురువారం మళ్లీ ఉదయం.

సోమవారం, నవంబరు 2 వదిలేశాను. అది అక్కడ గడియారం మారిన మర్నాడు, ఎవరి లెక్క ఎలా ఉందో చెప్పలేం. శుక్రవారం కూడా వదిలేశాను. సియాటిల్ శుక్రవారం సాయంత్రం మనకు శనివారం ఉదయం అవుతుంది. పైగా నవంబరు 8 ఆదివారం దీపావళి. శుక్రవారం రాత్రి సగం హైదరాబాద్ ఊళ్లకు బస్సుల్లో ఉంటుంది, ఇంటర్వ్యూ బస్సులో చేయలేం.

కుదిరితే గంట స్లాట్ కాకుండా గంటన్నర, రెండు గంటల కిటికీ ఇవ్వండి. దానిలో ఎక్కడ మొదలుపెట్టినా సరేనని చెప్పండి. అయితే కిటికీ చివర్లో మొదలుపెట్టవచ్చా, చివరికల్లా ముగియాలా అనేది స్పష్టంగా రాయాలి. లేకపోతే 9:30 నుంచి 11:30 కిటికీలో 11:30కి మొదలుపెట్టి మిమ్మల్ని పన్నెండున్నర దాకా కూర్చోబెడతారు.

## 6. మెయిల్‌లో ఇలా రాయండి

పలకరింపు, కృతజ్ఞత రెండు లైన్లలో ముగించి నేరుగా స్లాట్లకు రండి:

```
Seattle is UTC-8 that week, Hyderabad is UTC+5:30.

1) Tue, Nov 3, 8:00-10:00 AM Seattle
   = Tue, Nov 3, 9:30-11:30 PM Hyderabad
2) Wed, Nov 4, 4:30-5:30 PM Seattle
   = Thu, Nov 5, 6:00-7:00 AM Hyderabad
3) Thu, Nov 5, 8:00-9:30 AM Seattle
   = Thu, Nov 5, 9:30-11:00 PM Hyderabad

The call should end within the window.
```

సియాటిల్ టైమ్ ముందు రాశాను. చదివేది వాళ్లు, క్యాలెండర్‌లో పెట్టేదీ వాళ్లే. వాళ్ల గంట కంటికి ముందు పడాలి. మన టైమ్ రెండో లైన్‌లో ఎందుకంటే, రెండు టైమ్‌లూ ఉంటేనే ఎక్కడైనా లెక్క తప్పితే ఎదుటివారు పట్టుకోగలరు. ఒక్కటే ఉంటే తప్పు ఎవరికీ కనిపించదు.

సియాటిల్ చలికాలం టైమ్‌ను పీఎస్‌టీ అని, వేసవి టైమ్‌ను పీడీటీ అని అంటారు. ఇలాంటి పొట్టి పేర్లు వాడకుండా ఊరి పేరు వాడాను. నవంబరు 3కి పీడీటీ అని రాస్తే, అక్షరాలా తీసుకునేవాళ్లకు అది గంట ముందు టైమ్. ఇక అమెరికాలోనే చాలామంది ఏడాదంతా పీఎస్‌టీ అనే రాస్తారు, జులైలో కూడా. వాళ్లు రాస్తే దాన్ని "సియాటిల్‌లో అప్పుడు నడిచే టైమ్" అని అర్థం చేసుకోండి. మీరు మాత్రం ఊరి పేరే రాయండి, అది ఏ నెలలోనూ తప్పు కాదు.

ఐఎస్‌టీ ఇంకా ప్రమాదం. ఐర్లండ్‌లో వేసవి టైమ్‌కూ అదే పొట్టి పేరు, ఇజ్రాయెల్ టైమ్‌కూ అదే. జులైలో డబ్లిన్ కంపెనీకి "మధ్యాహ్నం 3 ఐఎస్‌టీ" అని పంపితే వాళ్ల మధ్యాహ్నం మూడే అనుకుంటారు. అప్పుడు మనకు రాత్రి ఏడున్నర.

మెయిల్ పంపే వేళ కూడా చూసుకోండి. అక్టోబరు 27న మన రాత్రి తొమ్మిదికి సియాటిల్‌లో ఉదయం 8:30. ఆ లోపు పంపితే ఆ రోజే జవాబు రావొచ్చు.

పంపేముందు:

- తేదీకి, వారానికి పొంతన కుదిరిందా? (2026 నవంబరు 3 మంగళవారమే)
- ఏఎం, పీఎం ప్రతి టైమ్ పక్కనా ఉన్నాయా?
- రెండు టైమ్‌ల మధ్య తేడా మూడు స్లాట్లలోనూ పదమూడున్నరేనా?
- ఫోన్ నంబరు ముందు +91 రాశారా?

## 7. పంపాక చేయాల్సింది

మూడు స్లాట్లనూ మీ క్యాలెండర్‌లో "హోల్డ్" అని పెట్టేసుకోండి. జవాబు వచ్చేదాకా వాటిని ఇంకో కంపెనీకి ఇవ్వకండి. ఇద్దరూ మంగళవారమే తీసుకుంటే ఎవరో ఒకరికి వద్దని చెప్పాల్సి వస్తుంది. ఒక స్లాట్ ఖాయమవ్వగానే మిగతా రెండూ తీసేయండి.

ఇన్వైట్ రాగానే తెరిచి చూడండి. నేను చూడలేదు కాబట్టే చెబుతున్నాను. మీ క్యాలెండర్ సరైన జోన్‌లో ఉంటే ఇన్వైట్ మీ టైమ్‌లోనే కనిపిస్తుంది. మంగళవారం స్లాట్ తీసుకుని ఉదయం 8:00కు పెడితే మీకు రాత్రి 9:30 కనిపించాలి. 8:30 అని కనిపిస్తే ఎక్కడో పాత తేడా దూరింది.

ఇన్వైట్ కాకుండా బుకింగ్ లింక్ పంపితే, ఆ పేజీలో కనిపించే టైమ్ జోన్ ఏమిటో చూశాకే స్లాట్ నొక్కండి. అవి సాధారణంగా మీ కంప్యూటర్ జోన్ చూసి గంటలు చూపిస్తాయి. అమెరికా క్లయింట్‌కు పనిచేసే వాళ్ల ల్యాప్‌టాప్‌లు కొన్నిసార్లు అమెరికా టైమ్‌లోనే ఉంటాయి. అలాంటిదాంట్లో లింక్ తెరిచి "రాత్రి తొమ్మిదిన్నర" అని నొక్కితే అది అక్కడి రాత్రి అవుతుంది.

ఖాయమైందని వాళ్లు చెప్పాక జవాబులో రెండు టైమ్‌లూ మళ్లీ ఒక్క లైన్‌లో రాయండి:

```
Confirmed: Tue, Nov 3, 8:00 AM Seattle / 9:30 PM Hyderabad.
```

జవాబే రాకపోతే వాళ్ల రెండు పనిదినాలు ఆగండి. శుక్రవారం రాత్రి పంపిన మెయిల్‌కు మన సోమవారం పగలంతా ఎదురుచూసి లాభం లేదు, వాళ్ల సోమవారం మొదలయ్యేది మన సోమవారం రాత్రే. గుర్తుచేసే మెయిల్‌లో గడిచిపోయిన స్లాట్లు తీసేసి, కొత్తవి అదే పద్ధతిలో రాసి పంపండి. పాత మెయిల్ చూసుకోమనకండి.

## 8. తప్పు జరిగిందని తెలిస్తే

పంపిన వెంటనే తెలిస్తే. అదే మెయిల్ కింద, సరిచేసిన మూడు స్లాట్లూ పూర్తిగా రాసి పంపండి. "రెండోది గంట కలుపుకోండి" అని రాస్తే ఏది పాతది, ఏది కొత్తది అనే గందరగోళం మొదలవుతుంది. పై లైన్‌లో "ముందు పంపినవాటికి బదులు ఇవి తీసుకోండి" అని చెబితే చాలు.

ఇన్వైట్‌లో ఒక టైమ్, మెయిల్‌లో ఇంకో టైమ్ ఉంటే. ఏది నిజమో ఊహించకండి. "ఇన్వైట్ ప్రకారం సియాటిల్ ఉదయం 7:00, మెయిల్‌లో 8:00 అని ఉంది, ఏది ఖాయం?" అని అడగండి. జవాబు రాలేదా, ముందున్న టైమ్‌కే లింక్ తెరిచి కూర్చోండి. ఎవరూ రాకపోతే రెండోదానికి కూడా ఉండండి.

ఇంటర్వ్యూ తప్పిపోయిందని అప్పుడే తెలిస్తే. సియాటిల్‌లో ఇంకా పనివేళలే కాబట్టి తెల్లారేదాకా ఆగకండి. నా విషయంలో పదీ పదికి రెండు లైన్లు పంపాను: గడియారం మార్పు చూసుకోలేదు, పొరపాటు నాదే. కింద మూడు కొత్త స్లాట్లు, ఈసారి రెండు ఊళ్ల తేదీలతో. పదకొండు కాకుండానే కొత్త ఇన్వైట్ వచ్చింది. దాన్ని మాత్రం తెరిచి చూశాను.